మూసిన చిడతలు

దాసరి ఓబులేసు ఏడాదిలో పదకొండు నెలలు నంద్యాలలో పంచెలమ్ముతాడు. మిగిలిన ఒక్క నెల కూడా పంచెలే అమ్ముతాడు కానీ, తెల్లారకముందు మాత్రం ఆళ్లగడ్డలో హరిదాసు. ఈ రెండో సంగతి నంద్యాల బట్టల కొట్లో పురుగుకు కూడా తెలియదు. తెలియకుండా చూసుకోవడానికి ఆయన పడే పాట్లు చూస్తే, దొంగతనం చేసేవాడైనా ఇంతకంటే నిశ్చింతగా బతుకుతాడేమో అనిపిస్తుంది.

ధనుర్మాసం మొదలైందంటే మొదటి బస్సుకే ఆళ్లగడ్డ చేరతాడు. అక్కడ ఆంజనేయస్వామి గుడి పక్క మండపంలో ఆయన సరంజామా ఉంటుంది. పంచె గోచీ పెట్టి కట్టి, నుదుట నామం దిద్ది, మెడలో బంతిపూల దండ వేసుకుని, కుడికాలికి గజ్జెలు కడతాడు. తలమీద గుడ్డ చుట్టకుదురు, దాని మీద గుమ్మడికాయ ఆకారంలో ఉండే రాగి అక్షయపాత్ర. ఎడమ చేత భుజానికి ఆనిన తంబుర, కుడిచేత చిడతలు. అన్నీ కుదిరాక ఇక ఆయన ఓబులేసు కాదు. వీధి తిరిగి వచ్చి పాత్ర దించేదాకా హరినామం తప్ప ఇంకో మాట మాట్లాడడు. ఎవరినీ ‘వెయ్యండమ్మా’ అని అడగడు. వెనక్కి తిరిగి చూడడు. మధ్యలో పాత్ర కింద పెట్టడు. బియ్యం తెచ్చినవాళ్ల ముందు ఒక మోకాలు నేలకు ఆనించి కూర్చుంటాడు. వాళ్లే పాత్రలో పోస్తారు. లేచి పోతాడు.

నోటితో పిలవకూడదు కాబట్టి పిలిచే పనంతా చిడతలదే. రెండు చెక్కలు, ఒకటి బొటనవేలి ఉంగరానికి, రెండోది మిగతా వేళ్లకు. చెక్కల గాడుల్లో ఇత్తడి బిళ్లలు. నడిచేటప్పుడు నాలుగు నడక, తకధిమి తకధిమి అని, అడుగుకు అడుగు తగిలేట్టు:

హరిహరి యనుచును వీధిన వస్తిని
వెలుగుల ముగ్గుల వాకిట నిలిచితి

వాకిట్లో కాలు నిలిచిందంటే నడక మారుతుంది. నాలుగు కాస్తా ఏడవుతుంది. తకిట తకధిమి. ‘తకిట’ మొదట్లో చెక్క మీద చెక్క గట్టిగా పడాలి, ‘తకధిమి’ దగ్గర వేళ్లు వదులు చేసి బిళ్లల్ని గలగలలాడనివ్వాలి. దుప్పట్లో ముసుగుతన్ని పడుకున్న ఇల్లాలు కూడా ఆ మార్పు విని, దాసు పక్కింట్లోంచి మన వాకిట్లోకి వచ్చాడని గ్రహించి చేట పట్టుకు లేస్తుంది. ఇంటి యజమాని పేరు ఆ ఏడులోనే ఇమడాలి. సుబ్బలక్ష్మమ్మ వాకిట్లో ‘సుబ్బలక్ష్మీ ఇంటి వాకిట’ అని ‘క్ష్మీ’ని సాగదీస్తే తప్ప కాలు నేలకు తగలదు. ఆ పక్కనున్న కళాయి లాల్ సాహెబ్ పేరుకు మాత్రం ఏ సాగతీతా అక్కర్లేదు.

లాలు సాయిబు ఇంటి వాకిట
గింజ చేరగ, గాదె నిండగ,
పాడి పొంగగ, పిల్ల నవ్వగ,
ఇల్లు చల్లగ, తల్లి చల్లగ,
ఉండవమ్మా, హరియె తోడుగ.

“ఈ సాయిబు పేరు తాళం కోసమే పెట్టినట్టుండాది రా” అని ఓబులేసు తండ్రి నరసింహులు నవ్వేవాడు. లాల్ సాహెబ్ తాళానికి కుదిరే పేరు మాత్రమే కాదు. ఏటా ధనుర్మాసం ముందు ఆ రాగిపాత్రకు లోపల కళాయి వేసింది ఆయనే, లేకపోతే బియ్యానికి చిలుమెక్కుతుంది. చిడతల్లో బిళ్లలు అరిగిపోతే కొత్తవి కొట్టి, ఆకురాయితో రాకి, రెండు పక్కలా ఒకే పలుకు పలికేదాకా వదిలేవాడు కాదు. కూలి తీసుకునేవాడు కాదు. దానికి బదులు ధనుర్మాసంలో ఒక్కరోజు కూడా ఆయన వాకిట్లో పాట తప్పకూడదు. ఆయన భార్య మాబున్నీ బియ్యం తెచ్చి పోసేది. కళ్లు మసకలేసి, ఆ తర్వాత పూర్తిగా పోయినా, గోడ పట్టుకుని వచ్చి పాత్ర అంచు తడిమి ఆమే పోసేది. కోడలొచ్చినా, కూతురొచ్చినా ఆ పని వాళ్లకిచ్చేది కాదు. సాహెబ్ చూపు తగ్గి పని మానుకున్నాక ఓబులేసు పాత్రకు నంద్యాలలోనే ఎవరిచేతో కళాయి వేయించుకున్నాడు. దాంతో పండగనెల తప్పితే ఆ ఇంటికి రాకపోకలు లేవు.

ఇంత చక్కటి విద్యను దాచుకోవడమెందుకని అడగొచ్చు. కొట్లో చేరిన కొత్తలో ఎక్కడి నుంచో ఒక దాసు కొట్టు మెట్ల దగ్గరికి వచ్చి పాడుతుంటే, గల్లాపెట్టె దగ్గరున్నాయన “పోవయ్యా పో, అడుక్కోవడానికి వేళాపాళా లేదా” అని తరిమాడు. అందరూ నవ్వారు. ఓబులేసు కూడా నవ్వాడు. ఆ నవ్వే ఆయన కొంప ముంచింది. ఒకసారి నవ్వాక ‘నేనూ అదే’ అని ఏ మొహంతో చెబుతాడు? ఆ రోజు నుంచీ ఆయన శిరివెళ్ల పక్క పల్లెవాడు. ధనుర్మాసంలో రోజూ కాస్త ఆలస్యంగా వస్తే, ఊళ్లో ఏదో పని. నామం చెరిపాక కూడా నుదుట తెల్లటి చార మిగిలిపోతుందని కొబ్బరినూనె రాసి, మళ్లీ పౌడరద్ది వస్తాడు. ఆళ్లగడ్డ మొహం ఏదైనా కొట్లో కనపడితే పంచెల బీరువా వెనక్కి పోతాడు.

ఇట్లా గుట్టుగా సాగుతున్న సంసారంలోకి ఈసారి రియాజ్ వచ్చి పడ్డాడు. కుర్రతనంలోనే కువైట్ పోయి, ఇన్నేళ్లకు తిరిగొచ్చి, కొట్లో మేనేజరుగా చేరాడు. మంచివాడు, కౌంటరు కౌంటరుకూ వచ్చి చేయి కలిపాడు.

“మాది ఆళ్లగడ్డన్నా. లాల్ సాహెబ్ కొడుకుని. గిన్నెలకు కళాయేస్తాండె మా నాయన. ఇల్లు ఆడే ఉండాదని ఆడ్నుంచే బండిమీద వస్తాపోతాండా. నీదేవూరు?”

“శిరివెళ్ల పక్కన” అన్నాడు ఓబులేసు. ఇంకోమాట అడిగితే ఎక్కడ తన సంగతి బయటపడుతుందోనని ‘సార్, ఆ ఖద్దరు పంచెలు రాలేదు’ అని మాట తిప్పేశాడు. మీ నాయన ఎట్లున్నాడని అడగడం కనీస మర్యాద. అది కూడా చేయలేదు.

ధనుర్మాసం వచ్చింది. మొదటిరోజు తెల్లారకముందే ఓబులేసు ఆ వీధిలోకి తిరిగాడు. సుబ్బలక్ష్మమ్మ ఇంటి ముందు పాట అయింది. పక్కనే లాల్ సాహెబ్ ఇల్లు, తలుపు ఓరగా తెరిచి, లోపల లైటు. బయట రియాజ్ బండి. ఆ బండిని చూడగానే ఓబులేసుకు జరగబోయేదంతా కళ్లకు కట్టింది. వాకిట్లో నిలబడాలి, మోకాలి మీద కూర్చోవాలి, మొహం లైటు వెలుగులో పడుతుంది. కొట్లో రోజూ ‘ఓబులన్నా’ అని పిలిచే మనిషి అడుగు దూరంలో నిలబడి తన నెత్తిన ఉన్న పాత్రను చూస్తాడు.

ఆయన వేళ్లు ముడుచుకున్నాయి. చెక్కలు రెండూ దగ్గరికి నొక్కి, బిళ్లలు మోగకుండా అరచేత్తో మూసి, తల వంచుకుని, వీధికి అవతలి పక్కగా వెళ్లిపోయాడు. కుడికాలి గజ్జెలు మాత్రం ఘల్లుఘల్లుమన్నాయి. వాటిని మూయడానికి మూడో చేయి లేదు. మలుపు దాటాక మళ్లీ చిడతలు విప్పాడు. తాళం రెండుసార్లు తప్పింది. పుట్టి బుద్ధెరిగాక ఎప్పుడూ తప్పనిది.

రెండోరోజూ అంతే. మూడోరోజూ అంతే. తర్వాత తర్వాత సుబ్బలక్ష్మమ్మ గడప దాటుతుండగానే వేళ్లు వాటంతటవే ముడుచుకునేవి. ఆ తలుపు సందులో ముసలామె చేట పట్టుకుని కూర్చుని ఉందేమోనన్న ఆలోచన వచ్చేది. వెనక్కి తిరిగి చూడకూడదన్న నియమం అప్పుడు ఆయనకు భలే అక్కరకొచ్చింది. నియమాన్ని అడ్డం పెట్టుకుని పిరికితనాన్ని దాచుకోవడం దాసులకే కాదు, అందరికీ వచ్చిన విద్యే.

సంక్రాంతి దగ్గరపడి కొట్లో జనం తోసుకుంటున్నప్పుడు రియాజ్ పంచెల కౌంటరు దగ్గరికి వచ్చాడు.

“ఓబులన్నా, మంచి పంచెలచాపు ఒకటి తియ్యి. ఎర్రంచుది. నా దుడ్లతోనే, కొట్టు లెక్కలో రాయొద్దు.”

“ఎవురికి సార్?”

“మా వీధిలోకి ఒక దాసు వస్తాండాడన్నా.”

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, ఓబులేసు చేయి తనకు తెలియకుండానే నుదుటి మీదికి పోయింది.

రియాజ్ అది చూడలేదు. కౌంటరు మీద మోచేతులు ఆనించి, గొంతు తగ్గించాడు. “మొన్న వానలప్పుడు మా నాయన పోయె గదన్నా. నీకు చెప్పినట్టు లేదు నేను.”

ఓబులేసు చేతిలో పంచె చేతిలోనే ఉండిపోయింది. పోయిన సంక్రాంతికి లాల్ సాహెబ్ అరుగు మీద కూర్చుని, ఏడు తాళానికి తన ఊతకర్రతో నేలమీద దెబ్బ వేశాడు. ఈ ఏడు ఆ అరుగు ఖాళీగా ఉందన్న సంగతి, తల వంచుకుని పోయేవాడికి ఎట్లా కనపడుతుంది?

“ఆ దాసు రోజూ మా ఇంటికాడికొచ్చేకొద్దీ చిడతలు మూసుకుంటాడంట. తల వంచుకోని, ఆ పక్కగా పోతాడంట. మా అమ్మకు కండ్లు కనపడవు, గజ్జెలు ఇంటాది. ‘సచ్చిన ఇంటికి ఆయప్ప జేసే మర్యాదరా ఇది, వాళ్ల నాయన గూడా ఇట్లే జేస్తాండె’ అని ఒకటే చెప్తాండాది. వీధిలో ఆడోళ్లు గూడా అదే మాట. మాకు ఇదంతా ఏం తెల్సన్నా? నేను కువైట్‌లో ఉంటి, నాయన మట్టికి గూడా అందలేదు. యాడి దాసు, మా నాయన కోసరం తల వంచుతాండాడు సూడు.”

అది నిజంగానే ఉన్న పద్ధతి. చావు జరిగిన ఇంటి ముందు ఏడాది తిరిగేదాకా పాట ఉండదు. చిడతలు మూసి, తల వంచి, ఇంటికి ఎదురుపక్కగా పోవాలి. గజ్జెలు మాత్రం విప్పకూడదు. మరిచిపోయి పోవడం లేదు, తెలిసే పోతున్నానని లోపలివాళ్లకు ఆ గజ్జెలే చెప్పాలి. నరసింహులు కొడుక్కి ఇదంతా నడిచి చూపించి మరీ నేర్పాడు. పెద్దమనిషికి చేయాల్సిన మర్యాదనంతా ఓబులేసు ఒక్క పిసరు తప్పకుండా చేశాడు, ఆ మనిషి చనిపోయాడని తెలియకుండా, ఆయన కొడుకు నుంచి మొహం దాచుకోవడానికి.

“నీకేమన్నా తెల్సా అన్నా ఆయప్ప? ఎంత పొడుగుంటాడో అడగాలని.”

“నాకెట్ల తెలుస్తాది సార్” అన్నాడు ఓబులేసు. అనేశాక ఆ మాట నోట్లోనే చేదుగా నిలిచిపోయింది.

“సుబ్బలక్ష్మమ్మ చెయ్యెత్తి సూపిచ్చె, సుమారు నీ అంతే ఉంటాడు పొడుగు. నీ నడుముకు పెట్టి సూడు ఒకసారి.”

తేలు కుట్టిన దొంగలాగా ఓబులేసు తన పంచెను తన నడుముకే పెట్టి కొలిచాడు. అంచు బాగుందని చెప్పాడు. మడత పెట్టి, కవర్లో పెట్టి, కొస బయటికి రాకుండా లోపలికి దోపి ఇచ్చాడు. ఆ రోజు అన్నం సయించలేదు. సిగ్గు అన్నది మొహం మీద ఉండేదని అనుకుంటాం కానీ, ఆయనకు వేళ్లలో ఉంది. గుడ్డ పట్టుకున్నా, మెతుకు పట్టుకున్నా, అరచేతిలో చిడతల బిళ్లలు నొక్కుకుంటున్నట్టే ఉంది.

మర్నాటి నుంచి కూడా ఆ వాకిలి ముందు చిడతలు మూసే నడిచాడు. ఇప్పుడు మూయడమే సరైనది. నిన్నటిదాకా పిరికితనంతో చేసిన పనే ఇవాళ పద్ధతిగా చేస్తుంటే ఎవరికీ తేడా తెలియదు, ఆయనకు తప్ప. నిజం చెప్పేయాలనుకున్నాడు. పాత్ర తలమీద ఉండగా నోరు విప్పకూడదు. కొట్లో చెప్పాలంటే జనం. పండగరోజు వీధి ముగిశాక, పాత్ర దించి, ఆ తల్లి కాళ్ల దగ్గర కూర్చుని చెబుతానని తీర్మానించుకున్నాడు. దాసుని తప్పు దండంతో సరి అంటారు కదా, ఆ సామెత మీద కొంచెం ఆశ కూడా పెట్టుకున్నాడు.

సంక్రాంతి తెల్లవారుజామున వీధిలోకి వచ్చేసరికి ఆ తలుపు బార్లా తీసి ఉంది. గడప బయట మాబున్నీ నిలబడి ఉంది. పక్కన కవరు పట్టుకుని రియాజ్. ఓబులేసు సుబ్బలక్ష్మమ్మ వాకిట్లో బియ్యం తీసుకుని లేచి, చిడతలు మూసి, వీధి దాటబోయాడు.

“దాసప్పా, పాట వద్దులే నాయనా. ఇట్లా రా” అంది మాబున్నీ, గజ్జెల చప్పుడు వచ్చే వైపుకు మొహం తిప్పి.

పండగరోజు పిలిచి ఇచ్చేదాన్ని దాసు కాదనకూడదు. వచ్చి మోకాలి మీద కూర్చున్నాడు. ఆమె వేళ్లు పాత్ర అంచు మీద తడుముకుంటూ తిరిగాయి.

“ఈ పాత్రకు మా సాయిబు యెన్నిసార్లు కళాయేసినాడో” అంది. దోసిట్లో బియ్యం మెల్లగా జారవిడిచింది. “బతికినన్నాళ్లు ఊరి గిన్నెల మసి తోమినాడప్పా. సస్తే నలుగురొచ్చిరి, పోయిరి. మళ్లీ ఆయప్ప పేరెత్తినోళ్లు లేరు. నువ్వొక్కనివే పొద్దున లేస్తే తల వంచి పోతాండావు. ఘల్లుమంటానే, ఇదిగో నా మొగునికి దండం పెట్టిపోతాండాడు అనుకుంటా. ఈ నెలంతా నాకు అదే పండగ. వీధిలో అందరికీ చెప్పుకున్నా.”

ఓబులేసు నోరు తెరిచాడు. తలమీద పాత్ర, పాత్రలో ఆమె బియ్యం. మాట్లాడితే వ్రతం పోతుందని కాదు ఆయన ఆగింది. ఆ మొహం చూసి ఆగిపోయాడు.

“ఏడు తిరిగినాక పాడుదువు. పాటలో ఆయప్ప పేరు మాత్రం అట్లే ఉండనీ” అంది ఆమె.

రియాజ్ కవరు అందించాడు. ఓబులేసు చిడతలు వేళ్లకు ఉండగానే అందుకున్నాడు. కవర్లోంచి పంచె కొస కొంచెం బయటికి వచ్చి ఉంది. చూసుకోకుండానే బొటనవేలితో దాన్ని లోపలికి దోపి, కవరు అంచు మడిచి, అరచేత్తో ఒకసారి తట్టాడు. రోజూ కౌంటరు మీద చేసే పని. రియాజ్ ఆ చేతిని చూశాడు. తర్వాత నామం కింద ఉన్న మొహాన్ని చూశాడు. ఓబులేసు లేచి నడిచాడు. వెనక్కి తిరిగి చూడలేదు, కానీ వీపు మీద ఆ చూపు మలుపు దాకా ఉంది.

వీధులన్నీ ముగిశాక మండపంలో పాత్ర దించాడు. తంబుర, చిడతలు పక్కన పెట్టాడు. ఇంకేమీ విప్పలేదు. నామంతో, గజ్జెలతో అట్లాగే వెనక్కి నడిచాడు. అప్పటికి ఎండ వచ్చింది. రియాజ్ ఇంటి బయట బండి తుడుస్తున్నాడు. ఓబులేసును చూసి గుడ్డ పక్కన పెట్టి, వాకిలికి అడ్డంగా నిలబడ్డాడు.

“మీ అమ్మతో ఒక మాట చెప్పి పోవాల సార్.”

“ఏం చెప్తావు?”

“నాకు తెలీదని. మీ నాయన పోయింది నాకు తెలీదు. నీకు కనపడతానని సిగ్గుపడి మూసుకోని పోయినా. అడుక్కునేటోడు అనుకుంటారని. అంతే. మర్యాద గాదు, ఏంగాదు.”

రియాజ్ మొహంలో కోపం వచ్చింది, కనపడింది, పోయింది. కోపం ఉండిపోయినా బాగుండేదని ఓబులేసుకు అనిపించింది.

“నాకు చెప్పినావు గదా, సాలు” అన్నాడు. “అమ్మకు మాత్రం చెప్పొద్దన్నా. నాయన పోయినాక ఆమెకు దొరికింది అదొక్కటే.”

లోపల్నుంచి ముసలామె గొంతు వినపడింది.

“ఎవుర్రా రియాజూ? గజ్జెలు మోగినట్టుండె. దాసప్ప గానీ మళ్లా వచ్చినాడా?”

రియాజ్ ఓబులేసు కళ్లలోకి చూస్తూనే జవాబిచ్చాడు. “ఎవురూ లేరుమా.”

ఓబులేసు వంగి, కుడికాలి గజ్జెలు విప్పాడు. మోగకుండా గుప్పిట్లో పట్టుకుని, వట్టికాలితో వీధి దాటి వెళ్లిపోయాడు.